పక్కన ఏది పెట్టి చూశారు?

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ముందే పట్టడానికి ప్రధానంగా రెండు పరీక్షల మధ్య పోటీ. వీఐఏలో నర్సు పలచటి ఎసిటిక్ యాసిడ్ అద్ది, నిమిషం ఆగి, తెల్లబడిన మచ్చ ఉందేమో కంటితో చూస్తుంది. హెచ్‌పీవీ పరీక్షలో నమూనా ల్యాబ్‌కు వెళ్తుంది. ఇలాంటి వాటి ఖర్చు లెక్కలు చూస్తూనే తల నెరిసింది. కొత్తగా వచ్చేవాళ్లకు నాలుగు మాటలు.

1. క్వాలీ అంటే బతికిన ఏళ్లను ఆరోగ్యపు పాలుతో గుణించగా వచ్చేది. పూర్తి ఆరోగ్యంతో ఏడాది గడిస్తే 1. జబ్బుతో 0.7 పాలు ఆరోగ్యంగా పదేళ్లు గడిస్తే 7. స్క్రీనింగ్‌లో ఖర్చు ఇవాళ, ఫలం ఏ ఇరవై ఏళ్లకో. ఏటా 3 శాతం తగ్గింపు వేస్తే అప్పటి ఒక క్వాలీ ఇవాళ 0.55కే వస్తుంది.

2. తేడాను తేడాతో భాగించండి. ఉదాహరణకు నేను వేసుకున్న అంకెలివి, వెయ్యి మంది స్త్రీలకు. ఏ పరీక్షా లేకపోతే క్యాన్సర్ వైద్యానికి 3 లక్షలు. అయిదేళ్లకోసారి వీఐఏ చేస్తే మొత్తం 5 లక్షలు, అదనంగా 10 క్వాలీలు. అయిదేళ్లకోసారి హెచ్‌పీవీ అయితే 14 లక్షలు, 16 క్వాలీలు. హెచ్‌పీవీ కిట్లు అమ్మేవాళ్లు 'ఏమీ చేయకపోవడం'తో పోల్చి, 11 లక్షలను 16తో భాగించి, క్వాలీకి 68,750 రూపాయలే అంటారు. కానీ వీఐఏ ఎలాగూ చేయగలం కదా! దాని మీద అదనంగా పెట్టేది 9 లక్షలు, అదనంగా దక్కేది 6 క్వాలీలు. అంటే క్వాలీకి లక్షన్నర. ఐసీఈఆర్ అనేది ఇదే.

3. జాబితాలో లేనిదాన్ని వెతకండి. నేను ముందు అడిగేది ఇదే. ఉస్మానాబాద్ జిల్లాలో లక్షా ముప్పై వేల మంది స్త్రీలతో చేసి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక్కసారి చేసిన హెచ్‌పీవీ పరీక్షకే ఆ క్యాన్సర్ మరణాలు దాదాపు సగమయ్యాయి. అలాంటప్పుడు పదేళ్లకోసారి చేస్తే చాలదా? దానికి 8 లక్షలు, 14 క్వాలీలు అనుకుందాం. వీఐఏ మీద 3 లక్షలకు 4 క్వాలీలు, అంటే ఒక్కోటి 75 వేలు. ఇప్పుడు అయిదేళ్ల హెచ్‌పీవీని దీని పక్కన పెట్టాలి: 6 లక్షలకు 2 క్వాలీలు, ఒక్కోటి 3 లక్షలు. మన దగ్గర తరచూ వాడే గీటురాయి తలసరి జీడీపీ, రెండు లక్షలకు కాస్త పైనే. ఇందాక లక్షన్నరతో గట్టెక్కిన పథకమే ఇప్పుడు గీత దాటిపోయింది. దాని ఖర్చూ మారలేదు, ఫలమూ మారలేదు.

4. తిరిగి రానివాళ్లనూ లెక్కలో వేయండి. వీఐఏ ఫలితం అక్కడికక్కడే తెలుస్తుంది, వీలైతే అప్పుడే చికిత్స. హెచ్‌పీవీ ఫలితం వచ్చేసరికి ఆమె మిరప కోతలకు పోయి ఉండొచ్చు. పదేళ్ల హెచ్‌పీవీలో అయిదో వంతు ఫలం ఇలా పోతే 14 క్వాలీలు 11.2 అవుతాయి. కిట్టు ఖర్చు మాత్రం అయిపోయినట్టే. 75 వేల ఐసీఈఆర్ రెండున్నర లక్షలకు చేరుతుంది. అందుకే నివేదికలో కిట్టు ధర కంటే ముందు, పాజిటివ్ వచ్చినవాళ్లలో ఎంతమంది చికిత్సకు వస్తారని రాశారో ఆ వరుస తెరిచి చూడండి. నూటికి నూరని ఉంటే, అదే నివేదికను 80తో మళ్లీ వేసి తెమ్మనండి.