పూర్వ విద్యార్థికి ఒక చిన్న సందేశం

బతు బస్తీలో ఉంటున్న పదకొండో తరగతి అమ్మాయి ఒకతె ఓడల నిర్మాణం చదవాలనుకుంటోంది అనుకుందాం. నాన్నగారి బదిలీకి ముందు ఆమె విశాఖపట్నంలో చదివింది. అదే బడిలో చదివిన ఒకాయన ఇప్పుడు హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో ఇంజనీరు. ఆయన నంబరు పాత బడి టీచరు ద్వారా, ఆయన అనుమతితోనే దొరికింది. ఆ అమ్మాయి మొదట ఇలా రాసింది:

“నమస్తే సార్. మీ కంపెనీ గురించి అన్ని వివరాలు చెప్పండి. అందులో ఉద్యోగం ఎలా వస్తుంది?”

దీనికి జవాబు రావడం కష్టం. రాసిందెవరో ఆయనకు తెలియదు. “అన్ని వివరాలు” రాయాలంటే ఒక పూట పడుతుంది. ఇక ఉద్యోగం ఆయన చేతిలో లేదు. ప్రభుత్వ సంస్థలో నియామకాలు ప్రకటన ద్వారానే జరుగుతాయి. పైగా ఆ షిప్‌యార్డ్ 1941లో మొదలైందనీ, 1948లో ‘జల ఉష’ అనే ఓడ అక్కడినుంచే నీటిలోకి దిగిందనీ పుస్తకాల్లోనే దొరుకుతుంది. ఆయన్ని అడగవలసింది పుస్తకాల్లో దొరకని సంగతి.

అమ్మాయి మళ్ళీ రాసింది:

“నమస్కారం సార్. నేను పదకొండో తరగతి చదువుతున్నాను. మీరు చదివిన విశాఖ బడిలో ఎనిమిది, తొమ్మిది తరగతులు చదివాను. ఇప్పుడు అండమాన్‌లో ఉన్నాను. మీ నంబరు మన బడి టీచరుగారు ఇచ్చారు. ఓడ మరమ్మతులో ఇంజనీరు రోజూ చేసే పని ఏమిటో తెలుసుకోవాలని ఉంది. వచ్చే శనివారం సాయంత్రం గానీ ఆదివారం ఉదయం గానీ 15 నిమిషాలు ఫోన్లో మాట్లాడగలరా? అమ్మ కూడా పక్కన ఉంటుంది. వీలుకాకపోతే పరవాలేదు సార్.”

ఇందులో ఐదు సంగతులున్నాయి: తానెవరు, ఇద్దరికీ ఉన్న సంబంధం, నంబరు ఎలా దొరికింది, తెలుసుకోవలసిన ఒక్క విషయం, ఎంత సమయం కావాలి. రెండు వేళలు చెప్పింది కాబట్టి ఆయన ఒకటి ఎంచుకుంటే చాలు. ఆ బడిలో రెండేళ్ళే చదివానని దాచలేదు. బదిలీలతో నాలుగు బళ్ళు మారిన మనకు నాలుగు బళ్ళ పూర్వ విద్యార్థులూ మనవాళ్ళే. ఏ తరగతులు ఎక్కడ చదివామో చెబితే చాలు.

వారం దాకా జవాబు రాకపోతే ఒక్కసారి, ఒక్క వాక్యంలో గుర్తుచేయవచ్చు. అప్పటికీ రాకపోతే ఆపేయాలి. ఆయనకు తీరిక లేకపోయి ఉండవచ్చు.

ఒప్పుకుంటే మూడే ప్రశ్నలు రాసి పెట్టుకోండి. జీతం ఎంత అని అడగకండి. అక్కడ నౌకాదళం పనులు కూడా జరుగుతాయి కాబట్టి ఫలానా ఓడకు ఏం చేస్తున్నారని అడిగితే ఆయన చెప్పలేరు, ఇబ్బంది పడతారు. “పదకొండో తరగతి భౌతికశాస్త్రంలో మీకు ఇప్పటికీ పనికొస్తున్న పాఠం ఏది?” అని అడిగితే సంతోషంగా చెబుతారు. 15 నిమిషాలు కాగానే మీరే ముగించి, ఆ రోజే కృతజ్ఞతలు రాయండి. ఆయన చెప్పినవాటిలో ఏది మీకు ఉపయోగపడిందో అందులో ఒక మాట ఉండాలి.