తరుగుదల లెక్కలో తేడా, పెట్టుబడి నిర్ణయంలో తేడా
(వాణిజ్య విలేఖరి)

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల శీతల గిడ్డంగుల యజమానులకు కరెంటు బిల్లే పెద్ద ఖర్చు. కొత్త పంట టిక్కీలు లోపలికి చేరేది ఎండలు ముదిరే వేళకే కావడంతో కంప్రెసర్లు రాత్రింబవళ్లు తిరుగుతాయి. అందుకే గిడ్డంగి కప్పు మీద సౌర విద్యుత్ పలకలు పెట్టించుకోవాలన్న ఆలోచన చాలా మందిలో ఉంది. ఇటువంటి కొనుగోలు లాభమా, నష్టమా అన్నది తరుగుదలను ఏ పద్ధతిన లెక్కించారన్న దానిని బట్టే తారుమారు కావచ్చు. దానిని ఒక ఉదాహరణతో పరిశీలిద్దాం.

పలకలు, ఇన్వర్టర్లు, బిగింపు అన్నీ కలిపి ఖర్చు 50 లక్షల రూపాయలు అనుకుందాం. శుభ్రపరచడం, మరమ్మతులు పోగా ఏటా 9 లక్షల కరెంటు ఖర్చు ఆదా అవుతుంది. ఖర్చు తగ్గితే లాభం పెరుగుతుంది గనుక, భాగస్వామ్య సంస్థ దానిపై నూటికి 30 చొప్పున పన్ను కట్టాలి. సెస్సును లెక్క సులువు కోసం వదిలేద్దాం. చేతికి మిగిలేది ఏటా 6.30 లక్షలు. పలకల ఆయుష్షు 20 ఏళ్లు. ఆ తరువాత పాత ఇనుము ధర కూడా రాదనే అనుకుందాం. ఇక వర్తకుని డబ్బు వేరే చోట తిరిగితే నూటికి నెలకు రూపాయి పావలా, అంటే ఏడాదికి 15 శాతం వస్తుంది. ఆ రేటుతో తగ్గించి చూస్తే 20 ఏళ్ల 6.30 లక్షల నేటి విలువ 39.43 లక్షలు. పెట్టింది 50 లక్షలు. అంటే 10.57 లక్షల లోటు. ఈ లోటును పూడ్చవలసింది తరుగుదల వల్ల మిగిలే పన్ను.

తరుగుదల కోసం ఎవరూ గల్లాపెట్టెలోంచి డబ్బు తీసి ఇవ్వరు. అది పుస్తకంలో రాసుకునే పద్దు మాత్రమే. కనుక నికర ప్రస్తుత విలువ లెక్కలో దానిని ఖర్చుగా తీసివేయకూడదు. అది పన్ను వేయదగిన లాభాన్ని తగ్గిస్తుంది. ఆ మేరకు కట్టకుండా మిగిలిన పన్ను మాత్రమే అసలైన నగదు.

మొదట స్థిర వాయిదాల పద్ధతి చూద్దాం. 50 లక్షలను 20 ఏళ్లకు సమంగా పంచితే ఏటా 2.50 లక్షల తరుగుదల, దానిపై 75 వేల పన్ను ఆదా. ఇరవై ఏళ్ల ఈ 75 వేల నేటి విలువ 4.69 లక్షలు. లోటు పూడలేదు సరికదా, ఇంకా 5.88 లక్షలు మిగిలే ఉంది. ఈ లెక్క చూసిన వారెవరైనా బేరం వద్దనే అంటారు.

ఇప్పుడు తగ్గుతున్న నిల్వల పద్ధతి. సౌర విద్యుత్ పరికరాలకు ఆదాయపు పన్ను నిబంధనలు అనుమతించే రేటు 40 శాతం. మొదటి సంవత్సరం 50 లక్షలపై 20 లక్షలు. మిగిలిన 30 లక్షలపై రెండో ఏడు 12 లక్షలు. మూడో ఏడు 7.20 లక్షలు. ఐదేళ్లు తిరిగేసరికి 46 లక్షలకు పైగా తరుగుదల రాసుకోవడం అయిపోతుంది. పన్ను ఆదా మొదటి ఏడు 6 లక్షలు, తరువాత 3.60, ఆపైన 2.16 లక్షలు. వీటన్నిటి నేటి విలువ 10.91 లక్షలు. లోటు పూడి 34 వేలు మిగులు తేలింది.

గమనించవలసినది ఏమంటే, ఏ పద్ధతిలోనైనా రాసుకునే తరుగుదల మొత్తం 50 లక్షలే, మిగిలే పన్ను మొత్తం 15 లక్షలే. ప్రభుత్వం అదనంగా ఒక్క రూపాయి కూడా ఇవ్వలేదు. ముందు వచ్చిందా, వెనుక వచ్చిందా అన్నదే తేడా. ఈ ముందు వెనుకల ఖరీదు 6.22 లక్షలు. రూపాయి పావలా వడ్డీకి డబ్బు తిప్పే వర్తకునికి ఇది వివరించి చెప్పనక్కరలేదు.

మరి ఏ పద్ధతి వాడాలి? గిడ్డంగి యజమానికి ఇందులో ఎంపిక లేదు. విద్యుత్ ఉత్పత్తి వ్యాపారంలో ఉన్న సంస్థలకు మాత్రమే పన్ను లెక్కకు స్థిర వాయిదాలను ఎంచుకునే వీలుంది. తక్కినవారు తగ్గుతున్న నిల్వల పద్ధతినే పాటించాలి. అయినా పొరపాటు జరిగే చోటు ఒకటుంది. చాలా కంపెనీలు వాటాదారులకు చూపే పుస్తకాలలో స్థిర వాయిదాలనే రాస్తాయి. ప్రాజెక్టు రిపోర్టు తయారుచేసే వారు ఆ అంకెనే ఎత్తి నికర ప్రస్తుత విలువ లెక్కలో పెడతారు. రిపోర్టులో ప్రతి ఏడూ ఒకే తరుగుదల కనిపిస్తే, అది పుస్తకాల నుంచి వచ్చిందని అనుమానించాలి. పన్ను లెక్క నుంచి వచ్చిన అంకె ఏటేటా తగ్గుతూ పోతుంది.

ఈ రేటు 2017 మార్చి 31 వరకు 80 శాతం ఉండేది. ఆ రేటు ఉంటే మన ఉదాహరణలో పన్ను ఆదా నేటి విలువ 12.63 లక్షలు. రేటు సగానికి పడినా విలువ తగ్గింది 1.72 లక్షలే. గాలిమరలకు కూడా 80 శాతం ఉండేది. దానిని 2012లో 15 శాతానికి దించి, 2014లో తిరిగి 80 చేసి, 2017 ఏప్రిల్ నుంచి 40కి తెచ్చారు.

ఇక తేదీల సంగతి. ఆర్థిక సంవత్సరంలో 180 రోజుల కంటే తక్కువ వాడిన కొత్త ఆస్తికి ఆ ఏడాది సగం తరుగుదలే వస్తుంది. లీపు సంవత్సరం కాకపోతే అక్టోబరు 3న వాడకంలోకి వచ్చిన దానికి పూర్తిగా, 4న వచ్చిన దానికి సగం. మొదటి ఏడు 20 లక్షలకు బదులు 10 లక్షలే వస్తాయి. మిగిలినది పోదు గాని వెనక్కు జరుగుతుంది. పై కొలమానంతోనే చూస్తే పన్ను ఆదా విలువ 10.20 లక్షలకు దిగి, 34 వేల మిగులు కాస్తా 37 వేల లోటు అవుతుంది. మార్చి నెలాఖరున పెట్టించినవారి సంగతి కొంత వేరు. వారికి దక్కేది సగమే అయినా అది ఏడాది ఆగకుండా ఆ సంవత్సరపు పన్నులోనే అందుతుంది. గాలిమరల రోజులలో మార్చి హడావుడికి కారణం ఇదే.

ఇక్కడ బిల్లు తేదీ పనికిరాదు, వాడకం మొదలైన తేదీ కావాలి. సెప్టెంబరులో పలకలు దిగి, విద్యుత్ సంస్థ వారు మీటరు బిగించి లైనుకు కలిపింది నవంబరులో అయితే పూర్తి తరుగుదల అడగడం కష్టం. లైనుకు కలిపినట్లు వారిచ్చే ధ్రువపత్రం మీది తేదీని ఆడిటరు మొదట చూస్తారు.

అన్నిటికీ మించి, తరుగుదలను మింగగల లాభం ఉండాలి. మొదటి ఏడు 20 లక్షల తరుగుదల రాయాలంటే సంస్థకు అంతకు మించిన పన్ను వేయదగిన ఆదాయం ఉండాలి. పంట తగ్గి గదులు సగం ఖాళీగా ఉన్న ఏడు అంత లాభం రాకపోవచ్చు. మిగిలిన తరుగుదలను ముందు సంవత్సరాలకు తీసుకుపోవచ్చు గాని, ఆలస్యానికి వడ్డీ ఎవరూ ఇవ్వరు. పన్ను ఆదా అంతా రెండేళ్లు వెనక్కు జరిగితే 10.91 లక్షల విలువ 8.25 లక్షలే అవుతుంది, బేరం 2.32 లక్షల లోటులో పడుతుంది. అంచనా ఆదాయంపై పన్ను కట్టే చిన్న వర్తకులకైతే విడిగా తరుగుదల తగ్గింపు ఉండదు గనుక, వారు పైన చెప్పిన పన్ను ఆదాను లెక్కలో వేసుకోనే కూడదు.