ఆసుపత్రిలో ఉండగా కార్డు బిల్లు గడువు దాటిపోతే బ్యాంకుకు ఉత్తరం ఎలా రాయాలి?

డిశ్చార్జి అయి ఇంటికి వెళ్ళిన తరువాత మందుల చీటీ, మళ్ళీ చూపించుకోవలసిన తేదీ అందరికీ గుర్తుంటాయి. కానీ మంచం మీద ఉన్న ఆ పది రోజులలో క్రెడిట్ కార్డు బిల్లు గడువు దాటిపోయిన సంగతి చాలామందికి తరువాతి బిల్లు వచ్చినప్పుడే తెలుస్తుంది. అందులో ఆలస్య రుసుము, వడ్డీ, వాటిపై జి.ఎస్.టి. అన్నీ పడి ఉంటాయి. వీటిని మాఫీ చేయమని బ్యాంకును అడగవచ్చు. సరిగా అడిగితే చాలాసార్లు ఇస్తారు కూడా. అయితే ఏమి అడగాలో ముందు తెలిసి ఉండాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక ఉపాధ్యాయురాలు సెప్టెంబరు 5న కార్డు మీద 14,200 రూపాయలు పెట్టి ఫ్రిజ్ కొన్నారు. సెప్టెంబరు 18న బిల్లు తయారైంది. కట్టవలసిన ఆఖరి తేదీ అక్టోబరు 8. అక్టోబరు 4న ఆమె డెంగ్యూ జ్వరంతో ఆసుపత్రిలో చేరి, 13న డిశ్చార్జి అయ్యారు. 15న మొత్తం 14,200 కట్టేశారు. అంటే గడువు దాటి ఏడు రోజులు.

అక్టోబరు 18న వచ్చిన కొత్త బిల్లులో ఆలస్య రుసుము 950 రూపాయలు, దానిపై 18 శాతం జి.ఎస్.టి. 171 రూపాయలు ఉన్నాయి. ఇవి కాక వడ్డీ 654, దానిపై జి.ఎస్.టి. 118. మొత్తం 1,893 రూపాయలు. (రుసుము, వడ్డీ రేటు ఒక్కో బ్యాంకుకు ఒక్కో రకంగా ఉంటాయి. ఇక్కడ వడ్డీ నెలకు మూడున్నర శాతం అనుకున్నాము.)

ఏడు రోజుల ఆలస్యానికి 654 రూపాయల వడ్డీ ఏమిటి అని ఎవరికైనా అనిపిస్తుంది. గడువులోగా మొత్తం కట్టినవారికే వడ్డీ లేని రోజులు వర్తిస్తాయి. గడువు తప్పితే వస్తువు కొన్న రోజు నుండే వడ్డీ లెక్కిస్తారు. సెప్టెంబరు 5 నుండి అక్టోబరు 15 వరకు నలభై రోజులు, అందుకే అంత వడ్డీ. చాలామంది ఉత్తరంలో "లేట్ ఫీజు తీసివేయండి" అని మాత్రమే రాస్తారు. బ్యాంకు వారు 950 తీసివేసి, మిగతావి అలాగే ఉంచుతారు. కనుక రుసుము, వడ్డీ, రెండింటిపై పడిన జి.ఎస్.టి. అని విడివిడిగా, అంకెలతో అడగాలి.

ఉత్తరం రాసే ముందు ఒక విషయం చూసుకోండి. రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం గడువు దాటి మూడు రోజులకు మించితేనే ఆలస్య రుసుము వేయాలి, బాకీ పడినట్లు క్రెడిట్ సంస్థలకు తెలపాలి. మన ఉపాధ్యాయురాలు అక్టోబరు 11లోగా కట్టి ఉంటే ఆ 950 వేయడమే తప్పు అయ్యేది. అప్పుడు "దయచేసి" అని బతిమాలనక్కరలేదు, నిబంధన ప్రకారం వెనక్కి ఇవ్వమని రాయవచ్చు. ఆమె కట్టింది 15న కాబట్టి హక్కుగా అడగడానికి లేదు, మర్యాదగా కోరవలసిందే. మీది ఏ రకమో తేల్చుకొని ఉత్తరం మొదలుపెట్టండి.

బాకీ ముందు కట్టి, తరువాత రాయాలి. బాకీ ఉంచుకొని రుసుము మాఫీ అడిగితే వినరు. ఒకేసారి కట్టలేకపోతే బిల్లులో చూపిన కనీస మొత్తమైనా కట్టి, మిగతాది ఎప్పటికి తీరుస్తారో ఉత్తరంలో రాయండి.

ఉత్తరం ఇలా ఉండవచ్చు:

"అయ్యా, నా కార్డు చివరి నాలుగు అంకెలు ____. నేను అక్టోబరు 4 నుండి 13 వరకు ఆసుపత్రిలో ఇన్‌పేషెంటుగా ఉన్నాను. నా బిల్లు ఆఖరి తేదీ అక్టోబరు 8 ఆ మధ్యలో వచ్చింది. డిశ్చార్జి అయిన రెండు రోజులకు, అక్టోబరు 15న, మొత్తం బాకీ 14,200 రూపాయలు చెల్లించాను. అక్టోబరు 18 నాటి బిల్లులో వేసిన ఆలస్య రుసుము 950, వడ్డీ 654, వీటిపై జి.ఎస్.టి. 289, మొత్తం 1,893 రూపాయలు మాఫీ చేసి నా ఖాతాకు జమ చేయవలసిందిగా కోరుతున్నాను. ఇంతకు ముందు రెండు సంవత్సరాలలో నేను ఒక్కసారి కూడా గడువు దాటలేదు. ఆసుపత్రి ధ్రువపత్రం జతపరిచాను. మీ నిర్ణయం వ్రాతపూర్వకంగా తెలియజేయగలరు."

ఇంతే చాలు. జ్వరం ఎలా వచ్చింది, ప్లేట్‌లెట్లు ఎంతకు పడిపోయాయి అన్న కథ అక్కరలేదు. చదివే ఉద్యోగి చూసేది మూడే: గడువు తేదీ ఆసుపత్రి రోజుల మధ్య పడిందా, ఇంటికి వచ్చాక ఎన్నాళ్ళకు కట్టారు, వెనుకటి చెల్లింపులు ఎలా ఉన్నాయి. పాత రికార్డు బాగుంటే తప్పక రాయండి. బాగా లేకపోతే ఆ వాక్యం వదిలేయండి, ఎందుకంటే వారి కంప్యూటరులో అంతా కనబడుతుంది. ఇంగ్లీషులో రాస్తే పని త్వరగా కదులుతుంది. ముందు తెలుగులో రాసుకొని పిల్లలచేత మార్పించుకోవచ్చు.

డిశ్చార్జి సమ్మరీ మొత్తం జిరాక్సు తీసి పంపేవారు ఉన్నారు. అందులో మీ జబ్బు, పరీక్షల ఫలితాలు అన్నీ ఉంటాయి. బ్యాంకుకు అవి అవసరం లేదు. ఆసుపత్రి రికార్డుల విభాగంలో అడిగితే చేరిన తేదీ, వెళ్ళిన తేదీ మాత్రమే ఉన్న ధ్రువపత్రం ఇస్తారు. అదే జతచేయండి. కార్డు పూర్తి నంబరు, వెనుక ఉన్న మూడంకెల సంఖ్య, పిన్, ఓ.టి.పి. ఉత్తరంలో రాయకూడదు. ఆ తరువాత ఎవరైనా ఫోను చేసి "మాఫీ చేయడానికి ఓ.టి.పి. చెప్పండి" అంటే అది మోసమే. డబ్బు మీ ఖాతాలో జమ చేయడానికి ఓ.టి.పి. అవసరం ఉండదు.

ఉత్తరం బిల్లు మీద ఉన్న ఈమెయిలుకు గాని, ఆ బ్యాంకు యాప్‌లో ఫిర్యాదుల చోట గాని పంపి, ఫిర్యాదు నంబరు రాసి ఉంచుకోండి. ఫోనులో అడిగినా ఇదే నంబరు తీసుకోవాలి. రోగి లేవలేని స్థితిలో ఉంటే ఇంట్లోవారు రాయవచ్చు గాని, కార్డుదారు సంతకంతో ఒక అధికార పత్రం జతచేయాలి. లేకపోతే ఖాతా సంగతి చెప్పడానికి బ్యాంకు వారు ఒప్పుకోరు.

ఎక్కువమంది చిక్కులో పడేది ఇక్కడే. "మాఫీ అడిగాను కదా" అని ఆ 1,893 కట్టకుండా ఉంటారు. నవంబరు గడువు కూడా దాటిపోతే మళ్ళీ కొత్త రుసుము పడుతుంది, ఈసారి చెప్పుకోవడానికి ఆసుపత్రి కారణం కూడా ఉండదు. కనుక జవాబు వచ్చేలోగా గడువు వస్తే ఆ సొమ్ము కట్టేయండి. తరువాత మాఫీ ఇస్తే అది మీ కార్డు ఖాతాలో జమగా పడి, తరువాతి కొనుగోళ్ళలో సర్దుబాటు అవుతుంది. తరువాతి బిల్లు తీసి, ఏ అంకెలు జమ అయ్యాయో ఒక్కొక్కటి సరిచూడండి. రుసుము వెనక్కి వచ్చి, దాని జి.ఎస్.టి. రాకపోతే అదే ఫిర్యాదు నంబరుతో మళ్ళీ రాయండి. జి.ఎస్.టి. ఇవ్వలేమనే బ్యాంకులూ ఉన్నాయి, అడగడంలో నష్టం లేదు.

ముప్పై రోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా cms.rbi.org.in లో రిజర్వు బ్యాంకు ఆంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండా ఫిర్యాదు చేయవచ్చు. అయితే మర్యాద కొద్దీ ఇచ్చే మాఫీని బ్యాంకు కాదంటే ఆంబుడ్స్‌మన్ బలవంతం చేయరు. మూడు రోజులలోపు కట్టినా రుసుము వేశారనో, కట్టిన సొమ్ము లెక్కలోకి తీసుకోలేదనో ఉంటే అక్కడ మీ మాటకు బలం ఉంటుంది. అందుకు చెల్లింపు రసీదు, బిల్లులు, మీరు పంపిన ఉత్తరం నకలు దాచి ఉంచండి.