ఏడులోంచి ఐదు తీస్తే రెండేనా? వడ్డీ లెక్కలో ఫిషర్ సమీకరణం

బ్యాంకులో లక్ష రూపాయలు ఏడాదికి డిపాజిట్ చేశారనుకుందాం. వడ్డీ 7 శాతం. అదే ఏడాదిలో ధరలు 5 శాతం పెరుగుతాయని అంచనా. మరి మీకు నిజంగా మిగిలేది ఎంత? ఏడులోంచి ఐదు తీసేస్తే రెండు శాతం అని చాలామంది వెంటనే చెప్పేస్తారు. ఈ జవాబు దాదాపు సరైనదే, కానీ పూర్తిగా సరైనది కాదు. తేడా ఎక్కడ వస్తుందో తెలియాలంటే రూపాయలను కాసేపు పక్కనపెట్టి బియ్యంలో లెక్కవేద్దాం.

ఈ రోజు కిలో బియ్యం 50 రూపాయలు అనుకుంటే, లక్ష రూపాయలకు 2,000 కిలోలు వస్తాయి. ఏడాది తర్వాత మీ చేతికి 1,07,000 రూపాయలు అందుతాయి. అప్పటికి కిలో ధర 5 శాతం పెరిగి 52 రూపాయల 50 పైసలు అవుతుంది. 1,07,000ను 52.50తో భాగిస్తే 2,038.1 కిలోలు. అంటే అదనంగా దక్కింది 38.1 కిలోలు, అంటే 1.905 శాతం. రెండు శాతమే నిజమైతే 40 కిలోలు రావాలి. దాదాపు రెండు కిలోలు తగ్గాయి. అవి ఎటు పోయాయి?

వచ్చిన డబ్బును రెండు భాగాలు చేసి చూడండి. పాత 2,000 కిలోలను కొత్త ధరకు కొనడానికే 1,05,000 రూపాయలు కావాలి. మిగిలేది 2,000 రూపాయలు. ఈ రెండు వేలు నిజంగా లక్షలో రెండు శాతమే. అయితే వాటితో కూడా మీరు బియ్యం కొనాల్సింది ఈ ఏటి ధరకు కాదు, వచ్చే ఏటి ధరకు. 2,000ను 52.50తో భాగిస్తే 38.1 కిలోలే వస్తాయి. అసలుకే కాదు, లాభానికి కూడా ధరల పెరుగుదల తగులుతుంది. తీసివేత పద్ధతి మరిచిపోయేది ఈ చిన్న విషయాన్నే.

దీన్ని సమీకరణంగా రాస్తే ఇలా ఉంటుంది:

(1 + i) = (1 + r)(1 + π)

ఇందులో i అంటే బ్యాంకు ప్రకటించే వడ్డీ రేటు. దీన్ని నామమాత్రపు వడ్డీ అంటారు. r అంటే కొనుగోలు శక్తిలో లెక్కగట్టిన వాస్తవ వడ్డీ. π అంటే రాబోయే కాలానికి అంచనా వేసిన ద్రవ్యోల్బణం. కుడివైపు విస్తరిస్తే i = r + π + rπ అవుతుంది. చివరి rπ రెండు చిన్న సంఖ్యల లబ్ధం కాబట్టి దాన్ని వదిలేస్తే, మనకు అలవాటైన r ≈ i − π మిగులుతుంది. భౌతికశాస్త్రం చదివినవారికి ఇది పాత పరిచయమే. లోహపు పలకను వేడిచేసినప్పుడు దాని పొడవు, వెడల్పు రెండూ కొద్దిగా పెరుగుతాయి. వైశాల్యం ఎంత పెరిగిందో లెక్కించేటప్పుడు మూలలో ఏర్పడే బుల్లి చతురస్రాన్ని వదిలేస్తాం. rπ ఆ బుల్లి చతురస్రం లాంటిదే.

ఈ సమీకరణానికి అమెరికా ఆర్థికవేత్త అర్వింగ్ ఫిషర్ పేరు పెట్టారు. యేల్ విశ్వవిద్యాలయంలో ఆయన డాక్టరేట్‌కు మార్గదర్శనం చేసినవారిలో ప్రసిద్ధ భౌతికశాస్త్రవేత్త విలర్డ్ గిబ్స్ ఒకరు. 1896లో వెలువడిన తన రచనలో ఫిషర్ పరిశీలించిన ఉదాహరణల్లో ఒకటి మన దేశానిదే. అప్పటి భారత ప్రభుత్వం వెండి రూపాయల్లో కొన్ని బాండ్లు, బంగారంతో ముడిపడిన పౌండ్లలో కొన్ని బాండ్లు జారీ చేసింది. రెండూ లండన్ మార్కెట్‌లో అమ్ముడయ్యేవి. అప్పు తీసుకున్నది ఒకే ప్రభుత్వం. అయినా రూపాయి బాండ్ల మీద రాబడి ఎక్కువగా ఉండేది. బంగారంతో పోలిస్తే వెండి విలువ పడిపోతోందని మదుపుదారులు భయపడి, ఆ నష్టానికి తగినంత అదనపు వడ్డీ కోరుకునేవారు. రెండు రాబడుల మధ్య తేడాలో వాళ్ల అంచనా కనిపిస్తుందని ఫిషర్ గ్రహించారు. ఆ అంచనాలు చాలాసార్లు గురి తప్పాయని కూడా ఆయన గమనించారు.

సరే, వదిలేసిన ఆ చిన్న పదం నిజంగా ఎంత ముఖ్యం? సమీకరణాన్ని కాస్త మార్చి రాస్తే సమాధానం దొరుకుతుంది:

r = (i − π) / (1 + π)

అంటే తీసివేతతో వచ్చిన జవాబును (1 + π)తో భాగిస్తే కచ్చితమైన జవాబు వస్తుంది. ద్రవ్యోల్బణం 5 శాతమైతే 1.05తో భాగించాలి. జవాబు సుమారు ఇరవయ్యో వంతు తగ్గుతుంది, అంతే. కానీ ద్రవ్యోల్బణం పెద్దదైతే కథ మారిపోతుంది.

టర్కీలో అదే జరిగింది. 2021 అక్టోబరులో ఆ దేశ కేంద్ర బ్యాంకు తన విధాన వడ్డీ రేటును 16 శాతానికి తగ్గించింది. ఆ తర్వాతి ఏడాదిలో ధరలు దూసుకెళ్లాయి. 2022 అక్టోబరు నాటికి వార్షిక ద్రవ్యోల్బణం అధికారిక లెక్కల ప్రకారమే 85.51 శాతం. ఎవరైనా 16 శాతం వడ్డీకి 100 లీరాలను ఆ ఏడాది పాటు అప్పిచ్చారనుకుందాం. తీసివేత లెక్క ప్రకారం వాస్తవ వడ్డీ మైనస్ 69.51 శాతం. అంటే మూడింట రెండు వంతులకు పైగా సొమ్ము ఆవిరైపోయినట్టు. కచ్చితమైన లెక్క చూడండి. చేతికి వచ్చింది 116 లీరాలు. 100 లీరాల సరుకుల ధర ఇప్పుడు 185.51 లీరాలు. 116ను 185.51తో భాగిస్తే 0.625. అంటే నష్టం 37.5 శాతం. ఇదీ ఘోరమైన నష్టమే. కానీ తీసివేత దాన్ని దాదాపు రెట్టింపు చేసి చూపింది.

ఇలాంటి పొరపాటును పట్టుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. అదే 16 శాతం వడ్డీకి ద్రవ్యోల్బణం 120 శాతం అయితే తీసివేత లెక్క మైనస్ 104 శాతం అంటుంది. అసలు కన్నా ఎక్కువ పోగొట్టుకోవడం ఎలా సాధ్యం? చేతిలో 116 లీరాలు ఉన్నాయి, వాటితో ఎంతోకొంత సరుకు వస్తుంది. కచ్చితమైన సూత్రంలో నష్టం ఎన్నడూ వంద శాతం దాటదు.

మరి మన డిపాజిట్ల విషయంలో తీసివేత సరిపోతుందా? సరిపోతుంది, దానికి కారణం మరోచోట ఉంది. డిపాజిట్ చేసేనాడు మనకు కచ్చితంగా తెలిసింది i ఒక్కటే. π ఒక అంచనా. ఐదు అనుకున్నది నాలుగైతే వాస్తవ వడ్డీ 2.88 శాతం, ఆరైతే 0.94 శాతం. ఎనిమిదికి చేరితే మైనస్ 0.93 శాతం. అంటే మన రెండు వేల కిలోలు 1,981 కిలోలకు పడిపోతాయి. సూత్రంలోని పొరపాటు 0.1 శాతం పాయింటు కూడా లేదు, అంచనాలో ఒక్క శాతం పాయింటు తప్పితే వచ్చే తేడా దానికి పది రెట్లు. కాబట్టి 1.905 అని మూడు దశాంశాలు రాయడం లేని కచ్చితత్వాన్ని ఉన్నట్టు చూపించడమే అవుతుంది. సుమారు రెండు, ఒకటి అటూ ఇటూ అని చెప్పడమే నిజాయితీ.

ఎవరి అంచనా అన్నది కూడా చూసుకోవాలి. మనం బియ్యం ఒక్కదానితో లెక్కవేశాం. అధికారిక సూచీలో ఆహారం, ఇంటి అద్దె, రవాణా, వైద్యం అన్నీ కలిసి ఉంటాయి. మందులకే ఎక్కువ ఖర్చయ్యే పెద్దవాళ్ల ఇంట్లో ధరల పెరుగుదల ఆ సగటుకు భిన్నంగా ఉండవచ్చు. వారి విషయంలో π స్థానంలో పెట్టాల్సింది పేపర్లో వచ్చిన సంఖ్య కాదు, తమ ఇంటి ఖర్చుల పుస్తకంలో నిరుటికీ ఇప్పటికీ కనిపించే తేడా. అది ఏడు దాటితే, పాస్‌బుక్‌లో అంకె పెరుగుతున్నా ఆ ఇంటి కొనుగోలు శక్తి తరుగుతున్నట్టే.