కదిలే నీరు, మనం గీసిన హద్దు: రేనాల్డ్స్ రవాణా సిద్ధాంతం

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్‌కు దక్షిణంగా, ధమ్తరి పట్టణానికి దగ్గరలో మహానదిపై గంగ్రేల్ ఆనకట్ట ఉంది. దాని వెనుక నిలిచే జలాశయమే రవిశంకర్ సాగర్. ఎంత నీరు వచ్చింది, ఎంత వదిలారు, మట్టం ఎంత మారింది అన్నది అక్కడ ఎప్పుడూ ఉండే లెక్క. చూడటానికి ఇది సులువైన కూడిక, తీసివేతే. అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. ద్రవ్యరాశి నిత్యత్వ నియమం జలాశయం గురించి చెప్పదు. ఒక నిర్దిష్టమైన నీటి ముద్ద గురించి చెబుతుంది. ఆ ముద్దలోని అణువులు ఎక్కడికి పోయినా దాని ద్రవ్యరాశి మారదు. ఇలా ఎప్పుడూ అవే అణువులు ఉండే ముద్దను ‘వ్యవస్థ’ అంటారు. మనం కొలిచేది మాత్రం ఒక చోటు. దానికి మనం గీసుకున్న హద్దు లోపలి భాగమే కంట్రోల్ వాల్యూమ్, అంటే నియంత్రణ ఘనపరిమాణం. ఈ రెండింటికీ మధ్య వంతెన రేనాల్డ్స్ రవాణా సిద్ధాంతం. బ్రిటిష్ శాస్త్రవేత్త ఆస్బోర్న్ రేనాల్డ్స్ 1903లో వెలువడిన తన గ్రంథంలో దీని మూలరూపాన్ని ఇచ్చారు.

ముందుగా హద్దు కదలదనుకుందాం. `t` సమయంలో హద్దు లోపల ఉన్న నీటినే వ్యవస్థగా ఎంచుకుందాం. ఆ క్షణంలో వ్యవస్థ, హద్దు లోపలి భాగం ఒకటే. `Δt` కాలం గడిచాక వ్యవస్థ కాస్త ముందుకు జరుగుతుంది. కొంత నీరు హద్దు దాటి బయటికి పోతుంది; వెనుక ఖాళీ అయిన చోటులోకి కొత్త నీరు వస్తుంది. కాబట్టి ఇప్పుడు వ్యవస్థలో ఉన్నది = హద్దు లోపల ఉన్నది − కొత్తగా వచ్చినది + బయటికి పోయినది. ఇందులోంచి మొదటి క్షణపు విలువను తీసివేసి, `Δt`తో భాగించి, `Δt`ను సున్నాకు చేర్చాలి.

హద్దులోని `dA` అనే చిన్న ముక్క గుండా `Δt`లో దాటే నీటి ఘనపరిమాణం `(V·n) dA Δt`. ఇక్కడ `V` నీటి వేగం, `n` హద్దుకు లంబంగా బయటికి చూసే ఏకాంక సదిశ. నీరు బయటికి పోతే ఈ విలువ ధనం, లోపలికి వస్తే రుణం. అందువల్ల రాక, పోక రెండూ ఒకే పదంలో ఇమిడిపోతాయి. హద్దు కూడా `W` వేగంతో కదులుతుంటే, దాన్ని దాటేది సాపేక్ష వేగం మాత్రమే:

```
dB/dt (వ్యవస్థ) = d/dt ∫ρb dV + ∫ρb (V−W)·n dA
```

`B` మనం లెక్కించే రాశి, `b` ఒక కిలోగ్రాముకు దాని విలువ, `ρ` సాంద్రత. ద్రవ్యరాశి విషయంలో `b = 1`, ఎడమ వైపు సున్నా.

ఇప్పుడు లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. వానాకాలంలో జలాశయానికి సెకనుకు 300 ఘనపు మీటర్లు వస్తున్నాయి, 180 బయటికి పోతున్నాయి. నీటి ఉపరితలం 90 చదరపు కిలోమీటర్లు. సాంద్రత మారదు కనుక అన్ని పదాల్లోనూ దాన్ని కొట్టివేయవచ్చు.

మొదటి పద్ధతిలో పై హద్దును నీటి మట్టంతోపాటే పైకి జరగనిద్దాం. అక్కడ `W`, `V` సమానం కనుక పై నుంచి ఏ నీరూ దాటదు. లోపలి నిల్వ సెకనుకు 300 − 180 = 120 ఘనపు మీటర్లు పెరుగుతుంది. దాన్ని ఉపరితల వైశాల్యంతో భాగిస్తే మట్టం రోజుకు సుమారు 11.5 సెంటీమీటర్లు పెరుగుతుందని తేలుతుంది.

రెండో పద్ధతిలో పై హద్దును పాత మట్టం దగ్గరే స్థిరంగా ఉంచుదాం. లోపల ఎప్పుడూ నిండుగా నీరే ఉంటుంది కనుక నిల్వ మారదు. కానీ పైకి లేచే నీరు ఆ హద్దును దాటుతోంది, సెకనుకు 120 ఘనపు మీటర్లు. అంటే మొత్తం పోక 180 + 120 = 300. రాకతో సరిపోయింది.

తప్పు ఈ రెండింటినీ కలిపినప్పుడే వస్తుంది. హద్దును కదిలించి కూడా పై నుంచి 120 దాటిందని రాస్తే అదే నీటిని రెండుసార్లు లెక్కించినట్టు. హద్దును స్థిరంగా ఉంచి పై పోకను మరిచిపోతే 120 మాయమైనట్టు కనిపిస్తుంది. లెక్కలో తేలిన తేడా సరిగ్గా నిల్వ మార్పుతో సమానంగా ఉంటే, ముందు అనుమానించాల్సింది లీకేజీని కాదు, హద్దును.

ఆవిరిని కూడా ఈ సాపేక్ష వేగమే పట్టిస్తుంది. రోజుకు 5 మిల్లీమీటర్లు ఆవిరైతే, 90 చదరపు కిలోమీటర్ల మీద అది సెకనుకు సుమారు 5.2 ఘనపు మీటర్ల పోక. వరదలో ఇది లెక్కకు రానంత చిన్నది. ఎండాకాలంలో రాక దాదాపు ఆగినప్పుడు వదిలేయలేనిది.

`b` స్థానంలో నీటి వేగాన్ని పెడితే ఇదే సమీకరణం ద్రవ్యవేగానికి వర్తిస్తుంది. అప్పుడు ఎడమ వైపు వ్యవస్థపై పనిచేసే మొత్తం బలం ఉంటుంది. సెకనుకు ఒక ఘనపు మీటరు నీరు 2 మీటర్ల వేగంతో సాగే గొట్టం లంబకోణంలో తిరిగిందనుకుందాం. ప్రవాహం నిలకడగా ఉంటే వంపు లోపలి నిల్వ మారదు. అయినా ఒక దిశలో వచ్చిన ద్రవ్యవేగం మరో దిశలో పోతోంది. కాబట్టి ఒక్కో దిశలో 1000 × 2 = 2000 న్యూటన్ల మొత్తం బలం నీటిపై ఉండాలి. అందులో గొట్టం వాటా తెలియాలంటే, వంపు రెండు చివరల వద్ద నీటి పీడనం కలిగించే బలాన్ని విడిగా లెక్కగట్టాలి.