బబుల్ దిద్దే ముందు బుక్‌లెట్ తిప్పండి

శంషాబాద్‌లోనో, ఎయిర్‌పోర్ట్ దారిలోని ఏదో కాలేజీలోనో సెంటర్ పడిన గ్రూప్స్ అభ్యర్థికి హాల్లో కూర్చునేసరికే సగం ఓపిక ప్రయాణానికి పోతుంది. ఆ కంగారులో బుక్‌లెట్ అందగానే చాలామంది మొదటి ప్రశ్న మీద పడతారు. పేజీలు తిప్పి చూడరు.

2016 నవంబరులో జరిగిన తెలంగాణ గ్రూప్-2 గుర్తు చేసుకోండి. కొన్ని సెంటర్లలో బుక్‌లెట్, ఓఎంఆర్ నంబర్ల విషయంలో గందరగోళం రేగింది. దిద్దుబాట్లు, వైట్‌నర్ వాడకం కోర్టుకెక్కాయి. 2019లో వెలువడిన ఎంపిక జాబితాను 2025 నవంబరులో హైకోర్టు సింగిల్ జడ్జి రద్దు చేస్తే, అదే నెలలో డివిజన్ బెంచ్ ఆ తీర్పును నిలిపివేసింది. హాల్లో చేసిన దిద్దుబాటు ఉద్యోగంలో చేరాక కూడా వెంటాడింది.

అందుకే ముందు చూడాల్సినవి మూడే: పేపర్ పేరు మీదేనా, ప్రశ్నల నంబర్లు వరుసగా చివరిదాకా ఉన్నాయా, ఓఎంఆర్‌లో దిద్దబోయే సిరీస్ బుక్‌లెట్ మీదిదేనా. 150 ప్రశ్నల పేపర్‌కు ఇది రెండు నిమిషాల పని.

అలా చూడకుండా రాస్తూ పోయారనుకుందాం. 90వ ప్రశ్న తర్వాత పేజీ తిప్పితే 99 కనిపించింది. పక్కవారి బుక్‌లెట్‌లోకి తొంగిచూడొద్దు, అది మాల్‌ప్రాక్టీస్ కింద పడుతుంది. చెయ్యెత్తి, “సార్, 91 నుంచి 98 దాకా లేవు, ఇదే సిరీస్ బుక్‌లెట్ ఇప్పించండి” అని అడగండి. ఎ సిరీస్‌కు బదులు బి సిరీస్ ఇస్తే అక్కడే ఆగాలి. ప్రశ్నల వరుస మారిపోతుంది కాబట్టి ఇప్పటికే దిద్దిన 90 జవాబులు కొత్త బుక్‌లెట్‌కు సరిపోవు. పాత షీట్‌లో సిరీస్ గడిని మాత్రం గీకి మార్చకండి. అదే సిరీస్ దొరకదంటే చీఫ్ సూపరింటెండెంట్‌ను పిలిపించి, కొత్త ఓఎంఆర్ విషయం ఆయనతోనే తేల్చుకోండి. మారిన నంబరు నామినల్ రోల్‌లో ఎక్కిందో లేదో సంతకానికి ముందు చూసుకోండి.

పోయిన సమయం సంగతి కూడా అక్కడే అడగాలి. అదనపు సమయం ఇవ్వకపోతే హాల్‌టికెట్ నంబరు, పాత, కొత్త బుక్‌లెట్ నంబర్లు, ఎన్నింటికి చెప్పారు, ఎన్నింటికి మార్చారు అన్నీ రాసి, సెంటర్ వదలకముందే చీఫ్ సూపరింటెండెంట్‌కు ఇవ్వండి. 2024 నీట్‌లో సమయం నష్టపోయారని 1,563 మందికి కలిపిన మార్కులు తర్వాత రద్దయ్యాయి. జూన్ 23న వారికి మళ్లీ పరీక్ష పెట్టారు. అలాంటి నిర్ణయానికి ఆధారం ఆ రోజు హాల్లో నమోదైన వివరాలే.

ఇక ప్రశ్నలోనే అచ్చుతప్పు ఉంటే, ఉదాహరణకు రెండు ఆప్షన్లూ ఒకటే అయితే, బుక్‌లెట్ మార్చినా లాభం ఉండదు. అదే తప్పు అందరి పేపర్లోనూ ఉంటుంది. మీకు సరైనదనిపించింది దిద్ది ముందుకెళ్లండి. ప్రాథమిక కీ వచ్చాక గడువులోగా ఆధారంతో అభ్యంతరం పెట్టండి.