కంటికి కనిపించే కాలం

గంట ఎంతయిందో చెప్పగలగడం వేరు. అరగంట ఎంతసేపో లోలోపల తెలియడం వేరు. ఈ రెండవ ఎరుక కొందరిలో బలహీనంగా ఉంటుంది. అవధాన లోపం గల వయోజనులలో ఇది తరచుగా కనిపిస్తుంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రస్సెల్ బార్క్లీ దీనిని కాలం విషయంలో గుడ్డితనంగా వర్ణించాడు. ఇది ప్రత్యేకమైన వ్యాధి కాదు, ఒక లక్షణానికి పెట్టిన పేరు. లోకం మాత్రం దానిని సోమరితనమనే అంటుంది.

ఒక ఉద్యోగిని ఉదయాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఆమె 8 గంటల 40 నిమిషాల బస్సు అందుకోవాలి. స్నానానికీ ముస్తాబుకూ 10 నిమిషాలు చాలునని ఆమె నమ్మకం. 8 గంటలకు పత్రిక తెరుస్తుంది. అయిదు నిమిషాలే గడిచాయనుకొని తలెత్తేసరికి 8 గంటల 20 నిమిషాలవుతుంది. ఏడాది సగం గడవకముందే ఆమె సెలవులన్నీ ఆలస్యాల కింద కరిగిపోతాయి.

ఇటువంటివారు అంచనాను నమ్మరాదు, కొలతను నమ్మాలి. మూడు రోజులపాటు గడియారం పెట్టి చూడగా ఆమె స్నానానికీ ముస్తాబుకూ 25 నిమిషాలు పట్టింది. ఇక లెక్క బస్సు నుండి వెనుకకు నడవాలి. బస్‌స్టాపుకు 10 నిమిషాలు, చెప్పులు తొడిగి తాళం వేయడానికి 5 నిమిషాలు, ఫలహారానికి 15 నిమిషాలు. అంటే ఆమె 7 గంటల 45 నిమిషాలకే లేచి స్నానానికి వెళ్లాలి. అలారం మోగవలసింది అప్పుడు. బస్సు వేళకు మోగితే ప్రయోజనం లేదు.

మిగిలిన సమయాన్ని కంటికి చూపే సాధనం మరొకటి ఉంది. 1990లలో అమెరికాలోని సిన్సినాటి నగరంలో జాన్ రోజర్స్ అనే తల్లి, "ఇంకా ఎంతసేపు?" అని పదేపదే అడిగే తన చిన్న కూతురి కోసం దీనిని రూపొందించింది. గడియారం ముఖం వంటి పలకపై ఎర్రని బిళ్ల ఉంటుంది. 25 నిమిషాలకు తిప్పితే అంత మేరే ఎరుపు కనిపించి, క్రమంగా తరిగిపోతుంది. మామూలు గడియారం చూసినవారు మనసులో తీసివేత చేయాలి. ఇక్కడ ఆ పని లేదు. అయితే అది పని జరిగేచోటనే ఉండాలి. అద్దం ముందు ఆలస్యమయ్యే మనిషికి వంటింటి అలమరలోని టైమరు వల్ల ఉపయోగం లేదు.

ఈ సాధనాలకూ హద్దులున్నాయి. పనిలో పూర్తిగా మునిగినవారు తల ఎత్తనే ఎత్తరు. వారికి ఎరుపు కనబడదు, శబ్దమే కావాలి. ఆ శబ్దం కూడా కొన్నాళ్లకు అలవాటైపోతుంది. అలారం మోగిందో లేదో జ్ఞాపకం లేకపోయినా అది ఆపివేసి ఉన్నదంటే, చేయి తనంతట తానే ఆ పని చేస్తున్నదన్నమాట. అప్పుడు అలారాల సంఖ్య పెంచడం వృథా. శబ్దాన్ని మార్చాలి, లేచి నడిచి వెళ్లి ఆపవలసిన చోట దానిని ఉంచాలి. అదీ చాలనప్పుడు మనిషి తోడు పనికివస్తుంది. పొరుగింటి ఇల్లాలు 8 గంటల 25 నిమిషాలకు తలుపు తట్టి, "బస్సు వేళయింది, వదినా!" అంటే, ఆ పిలుపును మీట నొక్కి ఆపడం సాధ్యం కాదు.